గుంటూరులో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్: ట్యాంకర్లను తగ్గించిన మూడు రోజువారీ అలవాట్లు (కేస్ స్టడీ)

గుంటూరు గోరంట్ల వైపు ఉన్న మా అపార్ట్‌మెంట్‌లో ఐదు అంతస్తుల మీద నలభై ఫ్లాట్లున్నాయి. 2023 ఏప్రిల్ మొదటి వారంలో వాటిలో ముప్ఫై ఏడు ఫ్లాట్లలో కలిపి నూట ముప్ఫై మంది ఉంటున్నారు. ఆ ఒక్క వారంలోనే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు తెప్పించవలసి వచ్చింది. మాకు ట్యాంకరు ఏడు వందల రూపాయలకు వచ్చేది కాబట్టి, వారానికి ఏడు వేల ఏడు వందలు నీళ్లకే ఖర్చయింది. నీటి సరఫరా పనుల్లో చాలా ఏళ్లు ఉద్యోగం చేసి విరమించుకున్నవాడిని కాబట్టి, ఆ వేసవికి అసోసియేషన్ వారు నీటి బాధ్యతను నాకు అప్పగించారు. ఏప్రిల్ నుంచి మే చివరి వరకు మేము ఏం కొలిచామో, ఏ మూడు అలవాట్లను ఎందుకు ఎంచుకున్నామో, వాటిలో ఏది ఎక్కడ తడబడిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా, మేము చేసిన ఒక పొరపాటు చెప్పాలి. నేను బాధ్యత తీసుకోకముందే, వాడకం తగ్గించాలనే ఉద్దేశంతో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కిందికి వచ్చే గేటు వాల్వ్‌ను కట్టేయడం మొదలుపెట్టారు. వినడానికి ఇది సబబుగానే అనిపిస్తుంది. కానీ జరిగింది వేరు. నీళ్లు రావని తెలిసిన ప్రతి ఇంటివారూ ఉదయం తొమ్మిదిన్నరకే ఉన్న బిందెలు, బకెట్లు, డ్రమ్ములు అన్నీ నింపుకోసాగారు. సాయంత్రానికి మిగిలిన నీటిని పాచినీళ్లని పారబోసి, మళ్లీ కొత్తవి పట్టేవారు. ఒక మధ్యాహ్నం మూడో అంతస్తులో ఒక ఇంటివారు కుళాయి తిప్పి చూసి, నీళ్లు రాకపోవడంతో దాన్ని అలాగే తెరిచి ఉంచి పొన్నూరు ప్రయాణమై వెళ్లిపోయారు. నాలుగు గంటలకు వాల్వ్ తెరిచాక ఆ కుళాయి ధారగా పారుతూనే ఉంది. సింకు నిండి, వంటగది దాటి, మెట్ల మీదికి నీళ్లు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ వారం మొత్తం వాడకం చూస్తే తగ్గిందనదగినంత తేడా లేదు. నీటిని కొన్ని గంటలపాటు ఆపితే వాడే వేళలు మారుతాయి తప్ప వాడకం మారదని మాకు అక్కడే అర్థమైంది. వాల్వ్ కట్టడం మానేసి, నీళ్లు ఎటు పోతున్నాయో కొలవడం మొదలుపెట్టాం.

కొలత ఎలా చేశాం

మా ఇళ్లకు విడివిడిగా మీటర్లు లేవు. సంపు నుంచి పైకి తోడే మోటారు పైపుకు మాత్రం ఒక మీటరు ఉంది. వాచ్‌మన్ రోజూ ఉదయం ఆరింటికి దాని అంకె చూసి పుస్తకంలో రాసేవాడు. ఏప్రిల్ మొదటి వారం సగటు రోజుకు 26,400 లీటర్లుగా తేలింది, అంటే మనిషికి రెండు వందల లీటర్ల పైచిలుకు. మురుగు కాలువల వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు సరిపోతాయని మన దేశంలో ప్రణాళికలు వేసేవారు లెక్క కడతారు. మేము ఆ లెక్కకు ఒకటిన్నర రెట్లు వాడుతున్నాం. అదే సమయంలో కార్పొరేషన్ కుళాయి నుంచి సంపులోకి రోజుకు ఎనిమిది వేల లీటర్లు, బోరు నుంచి పది వేల ఐదు వందల లీటర్లు వస్తున్నాయి. ఈ రెండూ కలిపినా మిగిలే లోటును ట్యాంకర్లే పూడ్చాలి. మే నెల వచ్చేసరికి బోరు ఇంకా తగ్గుతుందని అందరికీ తెలుసు కాబట్టి, వచ్చే నీటిని పెంచే దారి మా చేతిలో లేదు.

పగటి వాడకం చూసి ఏమీ తేల్చలేం. స్నానాలు, బట్టలు, వంట అన్నీ అందులో కలిసిపోతాయి. ఏదైనా దొంగచాటుగా పోతుంటే అది రాత్రి పూటే బయటపడుతుంది. మా ఓవర్‌హెడ్ ట్యాంకు లోపలి కొలత ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. అంటే నీటిమట్టం ఒక సెంటీమీటరు దిగితే రెండు వందల లీటర్లు పోయినట్టు లెక్క. వాచ్‌మన్ ఒక సన్నని చెక్క బద్ద మీద సెంటీమీటర్ల గీతలు గీసి ఇచ్చాడు. మోటారు ఆపేసి, రాత్రి ఒంటి గంటకు ఒకసారి, నాలుగింటికి ఒకసారి ట్యాంకులో బద్ద దించి చూశాం. ఊరంతా నిద్రపోయే ఆ మూడు గంటల్లో మట్టం నాలుగు సెంటీమీటర్లు దిగింది, అంటే ఎనిమిది వందల లీటర్లు. అనుమానం తీరక మరో రెండు రాత్రులు చూశాం. ఇంచుమించు అంతే వచ్చింది.

ఆ ఎనిమిది వందల లీటర్లలో అంతా వృథా అని కాదు. రాత్రి లేచి బాత్‌రూమ్‌కు వెళ్లేవారు ఉంటారు. మూడు గంటల్లో ఒక ఇరవై సార్లు ఫ్లష్ నొక్కారనుకుని, ఒక్కో దానికి ఎనిమిది లీటర్లు వేసినా నూట అరవై లీటర్లకు మించవు. మిగిలిన ఆరు వందల నలభై లీటర్లకు ఎవరి వాడకమూ కారణం కాదు. గంటకు రెండు వందల పైచిలుకు లీటర్లు ఇరవై నాలుగు గంటలూ కారుతున్నాయంటే, రోజుకు ఐదు వేల లీటర్లు, సరిగ్గా ఒక ట్యాంకరు. గోడల్లో చెమ్మ లేదు, పార్కింగ్‌లో తడి లేదు, సంపు నుంచి పైకి వెళ్లే పైపు పొడిగానే ఉంది. కంటికి కనబడకుండా ఇంత నీరు పోయే చోటు ఒక ఇంట్లో ఒక్కటే ఉంటుంది, అది ఫ్లష్ ట్యాంకు.

మొదటి అలవాటు: పడుకునే ముందు ఒక నిమిషం, ఆదివారం నాడు నీలిమందు

ఫ్లష్ ట్యాంకు అడుగున ఒక రబ్బరు వాషర్ ఉంటుంది. బటన్ నొక్కినప్పుడు అది పైకి లేచి నీళ్లు వదులుతుంది, తర్వాత కూర్చుని దారి మూసేస్తుంది. మా బోరు నీటిలో ఉప్పు ఎక్కువ. ఆ నీరు ఏడాదికి పైగా తగులుతూ ఉంటే వాషర్ గట్టిపడుతుంది, అది కూర్చునే అంచు మీద తెల్లని గార పేరుకుంటుంది. ఆపైన వాషర్ ఎంత కూర్చున్నా వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఆ సందులోంచి నీరు బేసిన్ వెనక గోడ మీద సన్నని పొరలా జారుతుంది. చప్పుడు ఉండదు, తెల్లని పింగాణీ మీద కంటికి ఆనదు. మట్టం తగ్గినప్పుడల్లా పక్కనున్న ఫ్లోట్ వాల్వ్ తెరుచుకుని తగ్గినంతా నింపేస్తుంది కాబట్టి, ఇంటివారికి ఏ లోటూ తెలియదు.

దీన్ని పట్టుకోవడానికి మేము వాడింది బట్టలకు వేసే నీలిమందు. అది లేని ఇల్లు మా దగ్గర లేదు. ఫ్లష్ ట్యాంకు మూత తీసి అందులో పది చుక్కలు వేసి, అరగంట పాటు ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూడాలి. అరగంట తర్వాత కింద బేసిన్‌లోని నీరు నీలంగా మారితే వాషర్ కారుతున్నట్టు. మారకపోతే ఆ ట్యాంకు బాగున్నట్టే. ఒక ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ముప్ఫై ఏడు ఇళ్లలోని డెబ్భై రెండు బాత్‌రూమ్‌లలో ఒకేసారి ఇలా చేశాం. తొమ్మిదిన్నరకు ఇంటింటికీ తిరిగి చూస్తే పదకొండు చోట్ల బేసిన్ నీలంగా ఉంది. అందులో రెండు మా ఇంటివే. మా ఆవిడ బేసిన్‌లోకి తొంగి చూసి, "ఏమండీ, ఇది ఎన్నాళ్ల నుంచి కారుతోందో, మనకే తెలియలేదు కదా" అంది. నీటి పని చేసి విరమించుకున్నవాడి ఇంట్లోనే ఇలా ఉంటే మిగతావారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదని ఆ రోజు సమావేశంలో నేనే చెప్పాను.

పదకొండింటిలో రెండు వాషర్ లోపం కావు. వాటిలో ఫ్లోట్ వాల్వ్‌ను బాగా ఎత్తులో బిగించడం వల్ల నీరు మధ్యలో నిలువుగా ఉండే గొట్టం అంచు దాటి లోపలికి పొర్లుతోంది. ఈ రెండు లోపాలకూ బేసిన్‌లో నీలమే కనిపిస్తుంది కాబట్టి, తేడా తెలియాలంటే మూత తీసి చూడాలి. నీటిమట్టం ఆ నిలువు గొట్టం అంచుకు ఒక అంగుళం కిందే ఆగాలి. అంచుతో సమానంగా ఉంటే ఫ్లోట్ మర మూడు నాలుగు చుట్లు తిప్పి మట్టం దించితే చాలు, కొత్త సామాను ఏదీ కొనక్కర్లేదు. వాషర్ కారుతున్న తొమ్మిదింటిలో నాలుగింటికి గార వల్లే ఇబ్బంది. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో వాషర్‌ను గంటసేపు నానబెట్టి, అది కూర్చునే అంచును పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే కారడం ఆగింది. మిగతా ఐదింటికి కొత్త వాషర్లు వేయించాం. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను మాత్రం ఫ్లష్ ట్యాంకులో పోయవద్దని అందరికీ గట్టిగా చెప్పాం. ఒక ఇంట్లో అలా పోసినందువల్ల రబ్బరు ఉబ్బిపోయి, కొద్దిగా కారేది కాస్తా ధారగా మారింది.

రోజువారీ అలవాటు చాలా చిన్నది. పడుకునే ముందు, ఆఖరి ఫ్లష్ నిండిన పది నిమిషాలకు, బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి ఒక నిమిషం నిలబడి వినాలి. సన్నగా 'స్స్' అని శబ్దం వస్తున్నా, ఎవరూ ఫ్లష్ చేయకుండానే ట్యాంకు ఉండుండి కాసేపు నిండుతున్న చప్పుడు వినిపించినా, మరునాడు నీలిమందు వేసి చూడాలి. కారుతోందని తేలితే ప్లంబరు వచ్చేదాకా ట్యాంకు పక్కనున్న యాంగిల్ కాక్ కట్టేసి, బకెట్టుతో నీళ్లు పోసుకోవాలి. కొందరు ప్రతి రాత్రీ ఆ కాక్ కట్టేస్తే సరిపోతుంది కదా అని అడిగారు. నేను వద్దన్నాను. రోజూ తిప్పితే ఆ చిన్న కాక్ మర అరిగి, అదే కారడం మొదలుపెడుతుంది, అప్పుడు ఆ నీరు గోడలోకి దిగుతుంది. చెవికి తెలియనంత సన్నని కారుడు కూడా ఉంటుంది కాబట్టి, వినడం ఒక్కదాని మీదే ఆధారపడకుండా నెలకొక ఆదివారం నీలిమందు పరీక్ష పెట్టుకున్నాం. గోడ లోపల దాచిన ఫ్లష్ ట్యాంకులున్న నాలుగు ఇళ్లలో బటన్ పలక ఊడదీసి, ఆ సందులోంచే చుక్కలు వేశాం.

ఫ్లష్ ట్యాంకులో నీళ్ల సీసా పెడితే ఒక్కో ఫ్లష్‌కు లీటరు మిగులుతుందనే మాట మా సమావేశంలోనూ వచ్చింది. ఆరు ఇళ్లలో పెట్టి చూశాం. పాత పెద్ద ట్యాంకులున్న రెండు ఇళ్లలో పనిచేసింది. కొత్త చిన్న ట్యాంకులున్న నాలుగు ఇళ్లలో నీటి వేగం చాలక రెండోసారి నొక్కవలసి వచ్చింది, దాంతో ఖర్చు పెరిగింది. అందుకని దాన్ని మా మూడు అలవాట్లలో చేర్చలేదు.

రెండో అలవాటు: గిన్నెలు ధార కింద కాకుండా టబ్బులో

ఒకే రకం కుళాయి అంతస్తును బట్టి నీటిని వేర్వేరుగా పోస్తుంది. పది లీటర్ల బకెట్టు పెట్టి, కుళాయి పూర్తిగా తెరిచి, ఫోనులో గడియారం చూస్తే ఐదో అంతస్తు వంటగదిలో నిండడానికి ఎనభై ఐదు సెకన్లు పట్టింది. మొదటి అంతస్తులో నలభై రెండు సెకన్లకే నిండింది. నీళ్ల ట్యాంకు మొదటి అంతస్తు కుళాయికి చాలా ఎత్తున ఉంటుంది. ఎత్తు నాలుగు రెట్లయితే ధార సుమారు రెండింతలవుతుందని లెక్క, మాకు అక్షరాలా అదే కనిపించింది. అంటే కింది అంతస్తుల వారు నిమిషానికి పద్నాలుగు లీటర్లు పారబోస్తున్నారు. వారు దుబారా మనుషులని కాదు, వారి కుళాయి తత్వమే అంత.

మొదటి అంతస్తులో ఒక ఇంటివారి అనుమతితో ఉదయం గిన్నెలు తోమే సమయం చూశాం. తోమడం, కడగడం కలిపి పాతిక నిమిషాలు పట్టింది. అందులో కుళాయి తెరిచి ఉన్నది తొమ్మిది నిమిషాలు. నూట ఇరవై ఆరు లీటర్లు, అంటే ఒక మనిషికి రోజంతా సరిపోయే నీరు ఒక్క పూట గిన్నెలకే పోయింది.

ఇక్కడ మా మొదటి ప్రయత్నం విఫలమైంది, కారణం మాదే. సమావేశానికి ఫ్లాట్ల యజమానులను మాత్రమే పిలిచి, టబ్బులో గిన్నెలు కడగాలని తీర్మానం చేశాం. వారం గడిచినా మీటరు అంకెలో కదలిక లేదు. మా దగ్గర ఎక్కువ ఇళ్లలో గిన్నెలు కడిగేది ఇంటివారు కాదు, పని చేసే అమ్మాయిలు. ఏడుగురు కలిసి ఇరవై ఎనిమిది ఇళ్లు చేస్తున్నారు. కుళాయి తిప్పే చేతులు వారివి, మేము మాట్లాడింది మాత్రం వేరేవారితో. మరునాడు ఉదయం పదకొండింటికి, వారి పని ముగిసే వేళకు, పార్కింగ్‌లో కుర్చీలు వేసి వారితో కూర్చున్నాం.

వారిలో పెద్దామె సూటిగా చెప్పింది: "సార్, టబ్బులో ముంచితే జిడ్డు పోదండీ. ఒక గిన్నె జిడ్డు ఇంకో గిన్నెకి అంటుకుంటది. అమ్మగారు మళ్లీ కడగమంటారు. అప్పుడు రెండింతలు నీళ్లు, రెండింతలు పని." ఆమె చెప్పింది నిజం. ఇంకో అమ్మాయి, నేల మీద టబ్బు పెట్టి వంగి కడిగితే నడుము పట్టేస్తోందని, ఆరు ఇళ్లు చేసేవారికి అది కుదరదని చెప్పింది. ఈ రెండు అభ్యంతరాలకూ వారి సలహాతోనే పద్ధతి మార్చాం.

జిడ్డు గిన్నెలను నీళ్లు తాకకముందే పాత పేపరుతో తుడవాలి. మూకుడు, పప్పు గిన్నె, పచ్చళ్ల గిన్నెలు విడిగా ఉంచి ఆఖరున కడగాలి. టబ్బు నేల మీద కాకుండా సింకులోనే పట్టేంత చిన్నది, పది లీటర్లది వాడాలి. మొదట గ్లాసులు, చెంచాలు, కంచాలు సబ్బుతో తోమి పక్కన పెట్టుకుని, తర్వాత టబ్బులో ఒకసారి ముంచి, ఆఖరున సన్నని ధార కింద చూపించాలి. ఆ సన్నని ధార కోసం ప్రతి ఇంట్లోనూ సింకు కింద ఉన్న యాంగిల్ కాక్‌ను తిప్పి, పై కుళాయి పూర్తిగా తెరిచినా నిమిషానికి ఆరు లీటర్లకు మించకుండా అమర్చాం. పది లీటర్ల బకెట్టు వంద సెకన్లలో నిండితే సరిగ్గా అమరినట్టు. ఇది ఒక్కసారి చేసే పని, ఆ తర్వాత ఎవరు కుళాయి తిప్పినా ధార అదుపులోనే ఉంటుంది. కాక్‌ను మరీ బిగించకూడదు. నాలుగో అంతస్తులో ఒకరు నిమిషానికి మూడు లీటర్లకు తగ్గించారు. ధార చాలక పనమ్మాయి కుళాయిని తెరిచి వదిలేసి వేరే పనికి వెళ్లిపోయేది, నీళ్లు అలాగే పోయేవి.

కొత్త పద్ధతిలో అదే మొదటి అంతస్తు ఇంట్లో అదే రకం గిన్నెలకు మళ్లీ చూశాం. సబ్బు చేతులు తడుపుకోవడానికి ఎనిమిది లీటర్లు, టబ్బుకు పది, ఆఖరి ధార మూడు నిమిషాలకు పద్దెనిమిది, మొత్తం ముప్ఫై ఆరు లీటర్లు. పైఅంతస్తుల్లో ముందు నుంచే ధార తక్కువ కాబట్టి అంత తేడా రాలేదు. అన్ని ఇళ్లూ కలిపి సగటున ఇంటికి రోజుకు నలభై, యాభై లీటర్లు మిగిలాయని నా అంచనా. మొదటి వారం పని ఐదు నిమిషాలు ఎక్కువ పట్టిందని వారు చెప్పారు. ఆ నెల అసోసియేషన్ నుంచి ఒక్కొక్కరికి కొంత సొమ్ము ఇచ్చాం. ట్యాంకర్ల మీద మిగిలినదానితో పోలిస్తే అది స్వల్పం. ఇవ్వకపోయి ఉంటే ఈ అలవాటు నిలిచేది కాదని నేను నమ్ముతున్నాను.

మూడో అలవాటు: ఆర్‌వో వదిలేసే నీటికి ఒక బకెట్టు

ముప్ఫై ఒక్క ఇళ్లలో ఆర్‌వో యంత్రాలున్నాయి. మా ఇంట్లో శుద్ధి నీటిని లీటరు సీసాలోకి, వదిలేసే గొట్టాన్ని బకెట్టులోకి పెట్టి చూస్తే, లీటరు మంచినీటికి రెండున్నర లీటర్లు బయటికి పోతోంది. తాగడానికి, వంటకు పదిహేను లీటర్లు వాడే ఇంట్లో రోజుకు ముప్ఫై ఏడు లీటర్లు సింకు గొట్టంలోకి పోతున్నట్టు. ఆ నీరు మురికి కాదు, అందులో ఉప్పు ఎక్కువ, అంతే. నీటిలో కరిగిన లవణాలను టీడీఎస్ అంకెతో కొలుస్తారు; మా ఇంటికి వచ్చే నీటిది తొమ్మిది వందల దగ్గర ఉంటే, వదిలేసే నీటిది పన్నెండు వందలు దాటింది.

ఏ పనికి వాడాలన్నది ఆ ఉప్పే నిర్ణయిస్తుంది. నేల తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి, ఫ్లష్‌కు బదులు పోయడానికి, జిడ్డు గిన్నెలు నానబెట్టడానికి నిస్సందేహంగా వాడవచ్చు. కుండీల్లోని మొక్కలకు మాత్రం పోయకూడదు. కుండీలో మట్టి కొంచెమే, నీరు ఎండకు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉండిపోతుంది. రెండో అంతస్తులో ఒక పిన్నిగారు ఎంతో శ్రద్ధగా మూడు వారాలు తులసికి ఆ నీరే పోశారు. ముందు ఆకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగాయి, తర్వాత మట్టి మీద తెల్లని పొర కట్టింది. ఆ మట్టి మార్చి, మంచినీరు పోశాక మొక్క కోలుకుంది. ఇత్తడి పూజాసామాను కడిగినా తెల్లని మచ్చలు పడతాయి.

అలవాటు ఇంతే: వదిలేసే గొట్టాన్ని ఇరవై లీటర్ల మూత బకెట్టులోకి పెట్టాలి, నిండినప్పుడల్లా వాడేస్తూ, రోజూ ఉదయం నేల తుడిచే వేళకు ఆ బకెట్టును ఖాళీ చేయాలి. గొట్టం చివర నీటిలో మునగకుండా పైన వేలాడాలి, లేకపోతే బకెట్టులోని మురికి యంత్రం వైపు వెనక్కి ఎక్కే ప్రమాదం ఉంది. ఈ ఎండల్లో నీరు నిలవ ఉంటే దోమ గుడ్లు పెడుతుంది, అవి వారం పది రోజుల్లో దోమలై ఎగురుతాయి కాబట్టి, ఏ రోజు నీరు ఆ రోజే వాడేయాలని పట్టుబట్టాం. వృథా తగ్గించాలని ఒకరు వదిలేసే గొట్టానికి బిగింపు పెట్టి నొక్కేశారు. రెండు నెలల్లోనే లోపలి పొర ఉప్పుతో మూసుకుపోయి, దాన్ని మార్చడానికి అయిన ఖర్చు ఎన్నో ట్యాంకర్లతో సమానమైంది. ఆ గొట్టాన్ని ఎవరూ బిగించకూడదు. ముప్ఫై ఒక్క ఇళ్లలో సగం మందే ఈ అలవాటును చివరిదాకా పాటించారు. మూడింటిలో ఇదే బలహీనమైనది, బకెట్టు మోయలేని పెద్దవాళ్లను మేము బలవంతపెట్టలేదు.

మే నెల లెక్కలు

మే మూడో వారంలో మళ్లీ ఏడు రోజులు మీటరు చూశాం. సగటు రోజుకు 18,100 లీటర్లు. ఎనిమిది వేల మూడు వందలు తగ్గాయని చెప్పుకోవచ్చు గానీ, అది సరైన లెక్క కాదు. సెలవులకు కొన్ని కుటుంబాలు ఊళ్లకు వెళ్లడంతో అప్పటికి నూట పద్దెనిమిది మందే ఉన్నారు. అంతమంది ఏప్రిల్ పద్ధతిలో వాడి ఉంటే 24,000 లీటర్ల దాకా అయ్యేవి. కాబట్టి అలవాట్ల వల్ల మిగిలింది రోజుకు ఐదు వేల ఎనిమిది వందల లీటర్లకు అటూఇటూ. మనిషికి రెండు వందల మూడు లీటర్లున్నది నూట యాభై మూడుకు దిగింది. ఇందులో పెద్ద భాగం ఫ్లష్ ట్యాంకులదే. రాత్రి ఒంటి గంట నుంచి నాలుగు వరకు బద్ద దించి చూస్తే, మట్టం దిగింది ఒక్క సెంటీమీటరే.

ఆ వారానికి బోరు నీరు ఎనిమిది వేల ఐదు వందల లీటర్లకు పడిపోయింది. అయినా లోటు రోజుకు పదహారు వందల లీటర్లకు మించలేదు. ట్యాంకర్లు వారానికి రెండు, రోహిణి కార్తెలో ఒక వారం మాత్రం మూడు వచ్చాయి. బోరును కూడా ఒకేసారి ఎక్కువసేపు తోడకుండా, గంట నడిపి రెండు గంటలు ఆపే పద్ధతిలో పెట్టడం వల్ల మోటారు గాలి పీల్చడం ఆగింది. వాడకం తగ్గకపోయి ఉంటే ఆ విరామం ఇచ్చే వీలు దొరికేది కాదు.

జూన్‌లో వానలు పడి బోరు కోలుకున్నాక నీలిమందు పరీక్షను మేమే వదిలేశాం. డిసెంబరులో వాచ్‌మన్ మీటరు పుస్తకం తెచ్చి, రోజు సగటు మళ్లీ ఇరవై ఒక్క వేలు దాటిందని చూపించాడు. ఆ ఆదివారమే పరీక్ష పెడితే నాలుగు బేసిన్లు నీలంగా మారాయి. వాటిలో మూడు, ఏప్రిల్‌లో నిమ్మ ఉప్పుతో శుభ్రం చేసి ఊరుకున్న పాత వాషర్లవి. కొత్త వాషర్లు వేసిన ఐదూ బాగానే ఉన్నాయి. మా నీటికి గట్టిపడిన వాషర్‌ను శుభ్రం చేస్తే కొన్ని నెలలకు మించి నిలవదని అర్థమై, ఇప్పుడు కారుతున్నది ఏది కనిపించినా మార్చేస్తున్నాం. నీలిమందు పరీక్ష ప్రతి నెలా మొదటి ఆదివారం, వానాకాలంలోనూ జరుగుతోంది. అది అయిన రాత్రి వాచ్‌మన్ ట్యాంకులో బద్ద దించి, ఒంటి గంట, నాలుగు గంటల అంకెలు రెండూ పుస్తకంలో రాస్తున్నాడు.